నా ఈఎంఐ తగ్గలేదు... మరి ఆ పావు శాతం ఎటు పోయింది?

డిసెంబర్ 5, 2025, శుక్రవారం. మధ్యాహ్నం ఆఫీసులో లంచ్ బాక్స్ తెరుస్తుంటే కాకినాడ నుంచి నాన్న ఫోన్.

"ఏరా, రిజర్వ్ బ్యాంక్ వడ్డీ తగ్గించిందంట కదా, టీవీలో చెబుతున్నారు. నీ ఇంటి లోన్‌కి ఎంత తగ్గుద్ది?"

"జనవరిలో తెలుస్తుంది నాన్నా" అని పెట్టేశాను. జనవరి వచ్చింది. 5వ తేదీన ఎప్పటిలాగే 24,230 రూపాయలు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఒక్క రూపాయి కూడా తగ్గలేదు! బ్యాంకు మోసం చేసిందనే అనుకున్నాను. కోపంతోనే యాప్ తెరిచి, నాలుగేళ్లలో మొదటిసారి లోన్ స్టేట్‌మెంట్ పూర్తిగా చదివాను.

ముందు ఆ రోజు జరిగింది ఏంటో చెప్పాలి. బ్యాంకులకు డబ్బు తక్కువైతే ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టి రిజర్వ్ బ్యాంకు దగ్గర అప్పు తీసుకుంటాయి. ఆ అప్పు మీద వడ్డీయే రెపో రేటు. ఆరుగురు సభ్యుల కమిటీ సాధారణంగా రెండు నెలలకోసారి కూర్చుని దీన్ని నిర్ణయిస్తుంది. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర ఉంచడం దాని పని. 2025 అక్టోబర్‌లో అది 0.25 శాతానికి పడిపోయింది. ధరల భయం లేదు కాబట్టి రెపోను 5.50 నుంచి 5.25కి దించారు. ఆ ఏడాదిలో అది నాలుగో కోత. ఫిబ్రవరికి ముందు 6.50 ఉండేది, అంటే మొత్తం 1.25 శాతం తగ్గింది.

2019 అక్టోబర్ తర్వాత బ్యాంకులో ఫ్లోటింగ్ వడ్డీకి ఇంటి లోన్ తీసుకున్నవాళ్లలో చాలామంది రేటు ఈ రెపోకే ముడిపడి ఉంటుంది. నాది రెపో ప్లస్ 2.75. మూడు నెలలకోసారైనా బ్యాంకు దాన్ని సరిచేయాలి. నాకు ఆ తేదీ జనవరి 1. అందుకే డిసెంబర్ వార్త జనవరిలో నా దగ్గరికొచ్చింది. స్టేట్‌మెంట్‌లో రేటు 8.25 నుంచి 8.00కి మారింది. బ్యాంకు మోసం చేయలేదన్నమాట. మరి ఈఎంఐ ఎందుకు మారలేదు?

దానికి జవాబు కింద ఇంకో లైన్‌లో ఉంది. 'మిగిలిన వాయిదాలు: 235'.

పాత రేటే ఉంటే అవి 246 ఉండేవి. అంటే తగ్గిన పావు శాతం నా నెల ఖర్చులోంచి కాకుండా, లోన్ చివర్లోంచి 11 నెలలు కోసేసింది. చాలా బ్యాంకులు రేటు తగ్గినప్పుడు ఇలాగే చేస్తాయి, ఈఎంఐ కదపకుండా నెలలు తగ్గిస్తాయి. మనం చూసేది ఈఎంఐ మెసేజ్ ఒక్కటే కాబట్టి ఏమీ జరగలేదనిపిస్తుంది.

ఇదే పని ఎదురు తిరిగినప్పుడు ఎలా ఉంటుందో కూడా ఆ స్టేట్‌మెంటే చూపించింది. అది చూశాక లంచ్ దిగలేదు.

నేను లోన్ తీసుకున్నది 2021 డిసెంబర్‌లో. మియాపూర్‌లో ఫ్లాట్, 30 లక్షలు, 20 ఏళ్లు. అప్పుడు రెపో 4 శాతం, నా రేటు 6.75, ఈఎంఐ 22,811. మొదటి నెలలో అందులో 5,936 అసలుకి పోయింది. 2022 మే నుంచి రిజర్వ్ బ్యాంకు రేట్లు పెంచడం మొదలుపెట్టి, 2023 ఫిబ్రవరికల్లా 6.50కి తీసుకెళ్లింది. ఆ ఏప్రిల్‌కి నా రేటు 9.25. ఆ నెల వడ్డీ ఎంతో తెలుసా? 22,703. అంటే పాత ఈఎంఐ కడితే అసలులోంచి తగ్గేది 108 రూపాయలు. ఆ లెక్కన లోన్ తీరడానికి 58 ఏళ్లు!

అంత సాగదీయడానికి వీల్లేదు కాబట్టి నా వయసు లెక్క చూసి బ్యాంకు లోన్‌ని 360 నెలలు చేసి, ఈఎంఐని 24,230 చేసింది. అప్పట్లో మెసేజ్ వస్తే 'పద్నాలుగు వందలు పెరిగింది, పర్లేదులే' అనుకున్నాను. దాని పక్కనే ఇంకో పదకొండేళ్ల లోన్ నా నెత్తి మీద పడిందని గమనించలేదు.

ఈ నాలుగేళ్లలో నేను కట్టిన 48 వాయిదాలు కలిపితే సుమారు 11 లక్షల 42 వేలు. అందులో అసలు తగ్గింది 1 లక్షా 28 వేలే. ఇంకా 28 లక్షల 72 వేలు బాకీ.

ఒక్క మంచి కబురు ఉంది. రేట్లు 2023 నాటి దగ్గరే ఆగిపోయి ఉంటే, ఇప్పుడు నాకు 327 వాయిదాలు మిగిలేవి. 2025 కోతల తర్వాత మిగిలింది 235. అంటే ఏడున్నరేళ్లకు పైగా చప్పుడు లేకుండా తగ్గింది. దీర్ఘకాలం లోన్‌లో ఈఎంఐలో ఎక్కువ భాగం వడ్డీయే కదా, రేటు కాస్త మారినా అసలుకి పోయే చిన్న ముక్క బాగా పెరుగుతుంది. ఏప్రిల్ 2023లో నా 24,230లో అసలుకి 1,527 పోతే, ఈ జనవరిలో దాదాపు 5,086 పోయింది.

ఇప్పుడు నా ముందున్న ప్రశ్న: ఈఎంఐ తగ్గించమని అడగాలా, వద్దా? 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, రేటు మారినప్పుడు ఈఎంఐ మార్చాలా, నెలలు మార్చాలా, రెండూ కొంచెం కొంచెమా అన్న ఎంపిక మనకు ఇవ్వాలి. బ్రాంచికి వెళ్లి అడిగితే లోన్ ఆఫీసర్ కాగితం మీద రాసి చూపించారు. 246 నెలలే ఉంచితే ఈఎంఐ 23,783. నెలకు 447 మిగులు, మొత్తం మీద సుమారు లక్షా 10 వేలు. ఈఎంఐ కదపకపోతే 11 వాయిదాలు పోతాయి, అంటే 2 లక్షల 66 వేలు.

"ప్రతి నెలా ఇబ్బంది పడుతుంటే ఈఎంఐ తగ్గించుకోండి, తప్పేం లేదు. కట్టగలిగితే ముట్టుకోవద్దు" అన్నారాయన.

నాకు ఉద్యోగం ఉంది, వేరే అప్పులేం లేవు. అందుకే ఉల్టా చేశాను. ఈఎంఐని 26,000 చేయమన్నాను. నెలకు 1,770 ఎక్కువ. మిగిలిన వాయిదాలు 235 నుంచి 201కి దిగాయి. దాదాపు మూడేళ్లు! మళ్లీ రేట్లు పెరిగితే నెలలు మళ్లీ సాగుతాయి, అది నా చేతిలో లేదు. కానీ ఈసారి ఆ లైన్ చూడకుండా మాత్రం ఉండను.

మీరూ ఒకసారి మీ స్టేట్‌మెంట్ తీయండి. ముందు మీ రేటు రెపోకి ముడిపడిందో లేదో చూడండి. ఫిక్స్‌డ్ అయితే ఈ వార్తతో మీకు పని లేదు. పాత పద్ధతి లోన్ అయినా, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ లోన్ అయినా కోత ఆలస్యంగా, అరకొరగా రావొచ్చు. రెపోకే ముడిపడి ఉంటే, రెపో మీద బ్యాంకు ఎంత కలుపుతోందో చూడండి. కొత్తవాళ్లకి అంతకంటే తక్కువ కలిపి ఇస్తుంటే, మీకూ తగ్గించమని అడగొచ్చు. ఆ తర్వాత మిగిలిన వాయిదాలు ఎన్నో చూడండి.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను.

"ఎంత తగ్గిందిరా?"

"డబ్బులు కాదు నాన్నా, నెలలు తగ్గాయి."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "అంటే నువ్వు రిటైరయ్యే లోపే ఇల్లు నీదైపోద్దన్నమాట."

"నలభై తొమ్మిదికే నాన్నా."

"సరే అయితే, రేపు మీ అమ్మకి చెప్తాను. ఈ లెక్క దానికి అర్థమయ్యేసరికి పొద్దుపోద్ది."