వస్‌వసా

మంగ్నీ అయిన మూడో రోజు నుంచే నాకు నిద్ర కరువైంది. అది 2006. పిల్ల మంచిది. చదువుకుంది. మాట్లాడితే నవ్వు తెప్పిస్తుంది. అయినా లోపల ఒకటే సొద: 'ఈమేనా? ఈమె కాకపోతే?'

ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ నా మనసును నేనే తడిమి చూసుకునేవాణ్ణి, సంతోషంగా ఉన్నానా లేదా అని. డెస్కులో ఉర్దూ వార్తను తెలుగు చేస్తూ మధ్యలో ఆగిపోయేవాణ్ణి. దోస్తును అడిగితే 'మంచి సంబంధంరా' అనేవాడు. గంటసేపు నెమ్మది. మళ్లీ అదే సొద.

అమ్మీ ఇస్తిఖారా చేయమంది. ఏడు రాత్రులు ఇషా తర్వాత రెండు రకాతుల నఫిల్ చదివి, దువా చేసి పడుకున్నాను. కలలో తెలుపో పచ్చో కనబడితే అవునని, ఎరుపో నలుపో కనబడితే కాదని మా ఇళ్లల్లో నమ్ముతారు. నాలుగో రాత్రి కలలో ఎర్ర బస్సు వచ్చింది. మర్నాడంతా అన్నం సహించలేదు.

మౌల్వీసాబ్ దగ్గరికి పోయాను. ఆయన నవ్వారు. 'బేటా, బుఖారీలో ఉన్న ఆ దువాలో కల ఊసే లేదు. మేలైతే సులువు చెయ్యి, కీడైతే తప్పించు అని అడగడమే. అడిగినంక అడుగెయ్యాలి. సరే, ఆ పిల్లలో ఏం చూసి భయపడుతున్నవ్?'

నా దగ్గర జవాబు లేదు.

'ఇది వస్‌వసా' అన్నారాయన. 'వజూ అయిందో లేదోనని మళ్లీ మళ్లీ కాళ్లు కడుక్కునేటోడికి ఏం చెప్తం? ఇంక కడగకు, నమాజుకు నిలబడు అంటం.'

తెలుగులో అనుమానం అంటే అది ఎదుటి మనిషి మీద పడుతుంది. వస్‌వసా అంటే నా చెవిలోని గుసగుస. ఆ మాట నా ఇంట్లోనే ఉంది. అయినా ఆ పిల్లనే అనుమానిస్తూ వచ్చాను.

మా ఆపా సంగతి వేరు. ఆమెకు కుదిరిన అబ్బాయి దుబాయిలో కొలువన్నాడు. అడిగిన ప్రతిసారీ కంపెనీ పేరు మారింది. ఆపా ఒక్కసారి కాగితాలు చూపమంది. అతడు మండిపడ్డాడు. 'నాకు వద్దు అబ్బా' అంది. ఏడవలేదు, పదిమందినీ అడగలేదు. ఆమె భయానికి ఒక కారణముంది, చూపించగలిగింది. నా భయం రోజుకో కారణం వెతుక్కునేది: ఇవాళ ఆమె నవ్వు, రేపు నా మనసు.

ఇలాంటి పట్టు ముదిరితే డాక్టర్లు ఇవాళ రిలేషన్‌షిప్ ఓసీడీ అంటున్నారు. వైద్యం కూడా మౌల్వీసాబ్ మాటకు దగ్గరే: సందేహాన్ని రానివ్వడం, దానికి జవాబు వెతక్కపోవడం. అయితే వస్‌వసా ఉన్నవాడికీ నిజమైన తప్పు కనబడొచ్చు. అబద్ధమో, చెయ్యెత్తడమో, కట్టడి చేయడమో కళ్లతో చూస్తే అది వస్‌వసా కాదు. అది ఒకసారి విచారించి తేల్చుకోవాల్సిన సంగతి.

నేను ఎవరినీ అడగడం మానేశాను. కలలు లెక్కపెట్టడం మానేశాను. సొద వెంటనే పోలేదు. 'ఖుబూల్' అంటున్నప్పుడు కూడా పక్కనే ఉంది. ఉండనిచ్చి, ఖుబూల్ అన్నాను.