గడిలో సున్నా

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ మెట్లు దిగుతుంటే ఒకబ్బాయి నన్ను ఆపాడు. "అన్నా, ప్రజల మనిషి నవల మీద వీడియో చేసింది నువ్వే గదా?"

ఛానెల్ పెట్టి నాలుగేళ్లయింది. నన్ను బయట ఎవరైనా గుర్తుపట్టడం అదే మొదటిసారి. లోపల కాస్త పొంగిపోయానని ఒప్పుకోవాలి. ఆ పొంగు అయిదు నిమిషాలే నిలిచింది.

అతను అశోక్ నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. మూడో ఏడు. నాన్న ఊర్నించి నెలకి ఏడు వేలు పంపుతాడు. ఇప్పుడు చదువు ఆపేసి, తెలంగాణ చరిత్ర, సంస్కృతి మీద ఛానెల్ పెడదామనుకుంటున్నాడు. కెమెరాకీ లాప్‌టాప్‌కీ ఎనభై వేలవుతుందట. నాన్న వడ్డీకి తెచ్చి ఇస్తానన్నాడట. "ఆర్నెల్లల్ల మానిటైజ్ అయితది. ఏడాది తిరిగేసరికి నెలకు ముప్పై వేలన్న రాదా? నీకెంతొస్తదన్నా?"

వీధిలో నిలబడి చెప్పే జవాబు కాదది. చాయ్ తాగుదాం పద అన్నాను.

అచ్చం అలాంటి లెక్కే నేనూ ఒకప్పుడు వేశాను. 2021 ఆగస్టులో కవాడిగూడలో మా ఇంట్లో వెనక గదిలో కూర్చుని ఎక్సెల్ షీట్ తయారు చేశాను. మూడు నెలలకి వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఆరు నెలలకి మానిటైజేషన్, ఏడాదికి నెలకి ఇరవై వేలు. ఆ షీట్ చూపించే మా ఆవిడ చేత యాభై ఎనిమిది వేల కెమెరాకి ఊఁ అనిపించాను. పన్నెండు నెలల ఈఎంఐ. "ఆర్నెల్ల తర్వాత దాని ఈఎంఐ అదే కట్టుకుంటుంది," అన్నాను. ఆ వాక్యాన్ని ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు.

తమాషా ఏంటంటే ఆఫీసులో నేను ఇలాంటి షీట్ చూస్తే పక్కన పడేస్తాను. కొత్త టీమ్ వస్తే మొదటి మూడు స్ప్రింట్లు అయ్యేదాకా మేం ఎవరికీ డేట్ ఇవ్వం. వాళ్లు రెండు వారాల్లో నిజంగా ఎంత పని చేయగలరో చూశాకే మాట్లాడతాం. ఇంట్లో మాత్రం ఒక్క వీడియో కూడా తియ్యకుండానే ఏడాదికి డేట్లు ఇచ్చేశాను.

వీడియోకి నాలుగు గంటలు చాలనుకున్నాను. పద్నాలుగు పట్టింది. పుస్తకం మళ్లీ తిరగెయ్యడానికి నాలుగు, రాసుకోవడానికి నాలుగు. రికార్డింగుకి రెండు, ఎందుకంటే ఫ్యాన్ ఆపాలి, పక్కింటి కుక్కర్ విజిల్స్ అయిపోవాలి, మెయిన్ రోడ్డు మీద హారన్లు తగ్గాలి, అంటే రాత్రి పదకొండు దాటాలి. ఎడిటింగుకి మూడు, టైటిలూ థంబ్‌నెయిలూ కలిపి ఇంకొకటి. ఉద్యోగం చేస్తూ వారానికి పద్నాలుగు గంటలు నాకెక్కడివి? వారానికొకటి అనుకున్నది, ఏడాది చివర లెక్కేస్తే ఇరవై మూడు వీడియోలయ్యాయి.

మొదటి నెలలోనే రెండు వందల పన్నెండు మంది సబ్‌స్క్రైబర్లొచ్చారు. ఆహా అనుకున్నాను. చూస్తే అందరూ మా బంధువుల వాట్సాప్ గ్రూపులు, ఆఫీసు వాళ్లు, ఇంజనీరింగ్ బ్యాచ్. వాళ్లు సగటున చూసింది ముప్పై ఎనిమిది సెకన్లు. మొహమాటం ఎన్ని సెకన్లుంటుందో నాకప్పుడు తెలిసింది.

ఏడాది చివర లెక్క ఇది. మొత్తం వ్యూస్ 9,400. సగటున ఒక్కొక్కరు చూసింది నాలుగున్నర నిమిషాలు. అంటే సుమారు 705 గంటలు. సబ్‌స్క్రైబర్లు 590. ఆదాయం సున్నా.

ప్రకటనల డబ్బు రావాలంటే యూట్యూబ్ అడిగేది వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన పన్నెండు నెలల్లో 4,000 గంటలు జనం చూసిన సమయం. 2018 మొదటిదాకా మొత్తం పదివేల వ్యూస్ ఉంటే సరిపోయేది. ఇప్పటికీ చాలామంది ఆ కాలం కథలే చెబుతుంటారు. అందరూ వెయ్యి గురించే బెంగపడతారు గానీ అసలు బరువంతా ఆ నాలుగు వేల గంటల్లోనే ఉంది. నా 705 దానికి ఐదో వంతు కూడా కాదు.

"షార్ట్స్ చేస్తే జల్దీ అయితదంటరు?" అన్నాడు అతను. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఈ నాలుగు వేలలోకి రాదు. ఆ దారిలో వెళ్లాలంటే తొంభై రోజుల్లో కోటి వ్యూస్ కావాలి. షార్ట్ చూసి సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లు వెయ్యి లెక్కలోకి వస్తారు, నిజమే. కానీ నిమిషం వీడియోకి అలవాటుపడి వచ్చినవాడు ఆళ్వారుస్వామి మీద ఇరవై నిమిషాలు కూర్చోడు.

ఇక్కడ 'గడిచిన పన్నెండు నెలలు' అన్న మాట చిన్నగా కనిపిస్తుంది. నన్ను ముంచింది అదే. 2022 ఏప్రిల్‌లో గ్రూప్-1 నోటిఫికేషన్ పడింది, 503 పోస్టులకి. తెలంగాణ సాహిత్యం సిలబస్‌లో ఉంది కాబట్టి ఆ ఎండాకాలం అంతా నా 'ప్రజల మనిషి' వీడియోని జనం వెతుక్కుని మరీ చూశారు. 9,400లో 3,100 దానివే. మిగతా ఇరవై రెండు వీడియోలకీ తలా మూడొందల లోపే. అబ్బ, పైకెక్కుతున్నాం అనుకున్నాను. సరిగ్గా ఏడాది తర్వాత, 2023 జూన్‌లో, కొత్త వీడియోలు పెడుతూనే ఉన్నా నా మొత్తం గంటలు తగ్గడం మొదలైంది. ఏదో బగ్ అనుకున్నాను. బగ్ కాదు. కిందటేటి ఎండాకాలపు గంటలు వెనకనుంచి రోజూ రాలిపోతున్నాయి. కుండలో పైనుంచి పోస్తుంటే కింద చిల్లిలోంచి పోతున్నట్టు. అందుకని ఏడాదికి 700 గంటలైతే ఆరేళ్లలో 4,000 అవుతాయని గుణించడానికి లేదు. అదే వేగంతో వెళితే ఎప్పటికీ 700 దగ్గరే ఉంటాం.

నాకు 4,000 దాటింది 2024 ఫిబ్రవరిలో. రెండున్నరేళ్లు. అప్పుడైనా డబ్బొచ్చిందా అంటే, అతనికి చాయ్ గ్లాసు పక్కన పెట్టించి, టిష్యూ మీద లెక్క చేసి చూపించాను. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు అయిదు నిమిషాలు చూస్తారనుకుంటే ఏడాదికి 48,000 వ్యూస్, అంటే నెలకి నాలుగు వేలు. నా ఛానెల్‌లో వెయ్యి వ్యూస్‌కి నా చేతికొచ్చేది సుమారు యాభై రూపాయలు. ప్రకటనలిచ్చేవాళ్లు కట్టే రేటు ఇంతకన్నా పెద్దగా కనిపిస్తుంది, యూట్యూబ్ వీడియోల్లో అదే చెబుతారు. కానీ అందులో 45 శాతం యూట్యూబ్ తీసుకుంటుంది, పైగా చాలా వ్యూస్‌కి అసలు ప్రకటనే పడదు. మిగిలేది ఈ యాభై. నాలుగు వేల వ్యూస్‌కి?

"రెండొందలు," అన్నాడు. కాసేపాగి, "నెలకా?" అన్నాడు.

నెలకే. అర్హత గీత దాటిన ఛానెల్ సంపాదన అది. పైగా ఆ రెండొందలూ నెలనెలా రావు. వంద డాలర్లు పోగయ్యాకే బ్యాంకులో వేస్తారు. అది ఎనిమిదిన్నర వేల రూపాయలనుకుంటే, నెలకి రెండొందల చొప్పున మూడున్నరేళ్లు. పది డాలర్లు చేరినప్పుడు అడ్రసు నిర్ధారణకి పిన్ నంబరుతో ఒక ఉత్తరం పోస్టులో వస్తుంది. నాకు ఆ పది డాలర్లకి నాలుగు నెలలు పట్టింది. మా ఆవిడ ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద అంటించింది, కెమెరా ఈఎంఐ అదే కట్టుకుంటోందని. ఇప్పటికి పదిహేడు నెలలు. ఖాతాలో నలభై ఒక్క డాలర్లున్నాయి.

"మరి గంగవ్వ?" అన్నాడు చివరికి. అందరూ అడిగేదే. మై విలేజ్ షో జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మొదలైంది 2012లో. గంగవ్వ బిగ్‌బాస్‌లోకి వెళ్లింది 2020లో. మనం చూసేది ఎనిమిదో ఏడుని, పోల్చుకునేది మన ఆరో నెలతో.

ఆ రోజు ఇందిరా పార్కు పక్కన కూర్చుని నా ఫోన్లోనే కొత్త షీట్ చేశాం. పాత షీట్ గడుల్లో అన్నీ మన చేతిలో లేనివే ఉన్నాయి. ఇందులో మొదటి మూడు నెలలకి రాసింది ఆరు వీడియోలు, ఉన్న ఫోన్‌తోనే, వెయ్యి లోపు కాలర్ మైకు. సబ్‌స్క్రైబర్ల గడి లేదు. రెండు అంకెలు మాత్రం రాసుకోవాలి: ఒక్కో వీడియోకి నిజంగా ఎన్ని గంటలు పట్టింది, ముప్పయ్యో సెకనుకి ఎంతమంది మిగిలారు. సగం మంది అక్కడే వెళ్లిపోతే తప్పు సబ్జెక్టుది కాదు, ఆరంభానిది. నా మొదటి వీడియోల్లో యాభై సెకన్లు నమస్కారాలకే పోయాయి.

ఆరో నెలలో చూడాల్సింది ఒక్కటే. ఒక వారం కొత్తదేమీ పెట్టకుండా ఊరుకుంటే పాత వీడియోలకి ఎన్ని వ్యూస్ వస్తాయి? వెతుక్కుని వచ్చేవాళ్లు ఉంటే ఆ వారం ఖాళీగా ఉండదు. అందుకే కరెంట్ అఫైర్స్ వద్దన్నాను. నెల తిరిగేసరికి చచ్చిపోతాయి, పైగా అక్కడ పెద్ద కోచింగ్ సెంటర్ల ఛానెళ్లున్నాయి. నవలలు, కోటలు, బోనాలు, వీటిని ప్రతి నోటిఫికేషన్‌కీ మళ్లీ వెతుకుతారు.

తొమ్మిదో నెలలో ఆపాలా, సాగించాలా అన్న గడి పెట్టాం. ఆ ఖాళీ వారంలో వందైనా రాకపోతే ఆపడం. పన్నెండో నెలకి అయిదొందల మంది, ఏడొందల గంటలు వస్తే బాగానే ఉన్నట్టు. చదువు ఆగదు. నాన్న దగ్గర అప్పు లేదు. ఇది మాత్రం గడిలో రాయలేదు, చెప్పాను.

ఆదాయం వరుసకి వచ్చేసరికి ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు. "పన్నెండు గడులల్ల సున్నానే పెట్టాల్నా?"

"పెట్టు."

ఒక్కొక్కటీ తనే కొట్టాడు. మూడో నెల దగ్గర ఆగి, "నీ కెమెరా ఖాళీగ ఉంటదా అన్నా?" అన్నాడు. ఆరో నెల అంకె చూశాక ఇస్తానన్నాను.

మూడు వారాల తర్వాత వాట్సాప్‌లో మొదటి వీడియో పంపాడు. పదకొండు నిమిషాలుంది. హాస్టల్ గదిలో వెనక ఎవరో బకెట్ ఈడుస్తున్న చప్పుడు. షీట్ తెరిచి చూశాను. గంటల గడిలో పందొమ్మిది అని రాసి ఉంది.