బయోలో మూడు వరుసలు

గత సంవత్సరం వేసవి సెలవుల తర్వాత మా హాస్టల్లో డిగ్రీ లెక్కలు చదివే మేము నలుగురం కలిసి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఖాతా తెరిచాము. పదో తరగతి పాఠం ఇంగ్లీషులో చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు లెక్క తెలుగు మాటల్లో అర్థం కావాలన్నదే మా కోరిక. నిమిషం నిడివి రీల్స్ చేసేవాళ్లం. చూసేవారు చూస్తున్నారు, మా పేజీకి వచ్చి మళ్లీ వెళ్లిపోతున్నారు. ఎందుకో చాలా రోజులు మాకు అర్థం కాలేదు.

మేము మొదట రాసుకున్న బయో ఇది: "హాస్టల్ కుర్రాళ్లం. సరదా, చదువు, స్నేహం. మీ ఆదరణే మా బలం. తప్పక ఫాలో అవ్వండి." రాసినప్పుడు మాకు ఎంతో నచ్చింది. ఒక ఆదివారం, మా ఖాతా చూడని ఇంటర్ తమ్ముడికి ఆ పేజీని ఐదు సెకన్లు చూపించి, ఫోను బోర్లించి, "ఇందులో ఏం వీడియోలు ఉంటాయిరా?" అని అడిగాము. "కామెడీయా అన్నా?" అన్నాడు. ఇంకో ఇద్దరిని అడిగాము. ఒకడు డాన్సులన్నాడు, ఇంకొకడు తెలియదన్నాడు. లెక్కలని ఒక్కరూ అనలేదు. ఆ బయో ఏ హాస్టలు కుర్రాళ్ల ఖాతాకైనా సరిపోతుంది. అదే దాని లోపం.

ముందు పేరు మార్చాము. బయోకి పైన మందంగా కనిపించే పేరు వేరు, @ తో ఉండే యూజర్‌నేమ్ వేరు. వెతికేటప్పుడు ఈ రెండూ పనికొస్తాయి. అక్కడ మా నలుగురి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్నాము. అది మాకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. పిల్లలు వెతికేటప్పుడు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు కాబట్టి అక్కడ `10th Maths Telugu` అని పెట్టాము. పద్నాలుగు రోజుల్లో రెండుసార్లకు మించి ఈ పేరు మార్చనివ్వరు. అందుకే ముందు కాగితం మీద రాసుకుని చూసుకోవాలి.

తర్వాత బయో. దానికి హద్దు 150 అక్షరాలు. తెలుగులో రాస్తే అవి త్వరగా అయిపోతాయి, ఎందుకంటే గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. "లెక్క" అనే మాట కంటికి రెండక్షరాలే, ఫోను మాత్రం ఐదు తీసుకుంటుంది: ల, ఎత్వం, క, పొల్లు, మళ్లీ క. పైగా బయో పొడుగైతే మిగతాది `more` వెనక్కి పోతుంది. వచ్చినవాడు దాన్ని నొక్కుతాడన్న నమ్మకం లేదు. అందుకని ఏ విషయమో మొదటి వరుసలోనే చెప్పాలి.

మా రెండో బయో: "టెన్త్ లెక్కలు తెలుగు మాటల్లో", దాని కింద "ఒక్కో వీడియోలో ఒక్కటే లెక్క", ఆ కింద "సోమ, బుధ, శుక్రవారాల్లో కొత్తది". ఏమిటి, ఎలా, ఎప్పుడు అన్న మూడూ వచ్చాయి. కానీ సెమిస్టర్ పరీక్షలు రాగానే రెండు వారాలు వీడియో పెట్టలేకపోయాము. ఆ మూడో వరుస అబద్ధమై కూర్చుంది. తీసేశాము.

ఆ ఖాళీలో ఏం రాయాలన్న దగ్గర మాలో మాకు వాదన వచ్చింది. ఒకడు "ట్యూషన్ లేని హాస్టల్ పిల్లల కోసం" అన్నాడు. ఇంకొకడు ఒప్పుకోలేదు. "హాస్టల్ అని ఎందుకురా, చులకనగా చూస్తారు" అన్నాడు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు, ఎందుకంటే ఆ చులకన అందరం చూసినదే. చివరకు వాడే అన్నాడు: "మనం టెన్త్‌లో ఉన్నప్పుడు ఈ వరుస ఎక్కడైనా కనిపించి ఉంటే, అది మనకోసమేనని ఆగి ఉండేవాళ్లం కదా." అదే రాశాము. మూడు వరుసలూ, ఖాళీలూ కలిపి 90 అయ్యాయి.

ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. బయో మనుషుల్ని తీసుకురాదు. తీసుకొచ్చేది వీడియో. వచ్చినవారికి ఇది ఏ చోటో చెప్పడం వరకే దాని పని. అందుకే బయో కింద కనిపించే వీడియోలు కూడా అదే మాట చెప్పాలి. మా సంక్రాంతి డాన్సు వీడియోను ఆర్కైవ్‌లోకి పంపి, వర్గ సమీకరణం, త్రికోణమితి, సంభావ్యత వీడియోలు మూడింటిని పైన పిన్ చేశాము.

మళ్లీ ఒక ఆదివారం, కొత్తగా చేరిన ఇంకో తమ్ముడికి ఐదు సెకన్లు చూపించి ఫోను బోర్లించాము. "టెన్త్ లెక్కలన్నా" అన్నాడు. కాస్త ఆగి, "మా చెల్లి హాస్టల్లో టెన్త్ చదువుతోంది, సెలవులకు ఇంటికొచ్చినప్పుడు చూపిస్తా, పేరు చెప్పన్నా" అని అడిగాడు.