గజానికి తొమ్మిది అడుగులు

ఢిల్లీ బేర్ సరాయ్‌లో గది వెతికే మన పిల్లలకు ఒక మాట. ఇక్కడా హైదరాబాద్‌లో లాగే స్థలాన్ని గజాల్లోనే చెబుతారు. 50 గజాల ఇల్లంటే మూడుతో గుణించి 150 చదరపు అడుగులు అనుకోకండి. 150 అంటే 10×15 గది మాత్రమే, ఇల్లు కాదు.

గజం పొడవు, గజం వెడల్పు ఉన్న చతురస్రంలో అడుగు పలకలు పరిచి చూడండి: వరుసకు మూడు, అలాంటివి మూడు వరుసలు, మొత్తం తొమ్మిది. కాబట్టి 50 గజాలంటే 450 చదరపు అడుగులు. పొడవుతో పాటు వెడల్పూ మారుతుంది కదా, అందుకే మూడుతో రెండుసార్లు గుణించాలి.

మేడ మీది నీళ్ల ట్యాంకుకైతే లోతూ కలుస్తుంది. లీటరంటే ప్రతి వైపూ 10 సెంటీమీటర్లున్న ఘనం. ప్రతి వైపూ మీటరున్న ట్యాంకులో పట్టేది పది లీటర్లు కాదు, వంద కాదు, 1000.