ఏడో ఎక్కం, మిరప సాళ్లు

ఈసారి పంట ముచ్చట కాదు, మా చెల్లె కొడుకు ఎక్కాల ముచ్చట.

పోరడు ఐదో తరగతి. ఏడో ఎక్కం పాటలెక్క చదువుతడు. మధ్యల ఆపి ఏడు ఎనిమిదులు ఎంతరా అంటే మళ్ల మొదటి నుంచి ఎత్తుకుంటడు. ఒక్క మెట్టు తప్పితే అంతా పాయె. లెక్కల పరీక్ష అంటే కడుపునొప్పి అని పండుకుంటుండె.

రెండో ఎక్కం, ఐదో ఎక్కం మాత్రం తడుముకోకుండ చెప్తడు. నేను దాన్నే పట్టుకున్న. మిరప చేన్లకు తీస్కపోయి ఏడు సాళ్లు చూపించిన, సాలుకు ఎనిమిది మొక్కలు లెక్క. ఐదు సాళ్లయినంక కట్టె అడ్డం పెట్టిన. ఇటు ఐదు ఎనిమిదులు నలభై, అటు రెండు ఎనిమిదులు పదహారు. కలిపితే 56.

తెల్లారి ఏడు ఆరులు 32 అన్నడు. కోపం చేస్తే పని చెడుతది, ఎట్ల వచ్చిందో చెప్పమన్న. ఐదు ఆరులు ముప్పై సరిగనే చెప్పిండు, దానికి రెండు సాళ్ల మొక్కలు కలపకుండ ఉత్త రెండు కలిపిండు. కట్టెకు అవతల ఎన్ని మొక్కలున్నయిరా అన్న. పన్నెండు అని లెక్కపెట్టి, 42 అని తనే దిద్దుకున్నడు.

అదే మడిని పక్క గట్టు మీదికెళ్లి చూపిస్తే ఏడు ఎనిమిదులే ఎనిమిది ఏడులయినయి. ఎనిమిదో ఎక్కంల ఒక మెట్టు ఉట్టిగనే వచ్చింది.

కూడిక రాని పిల్లకు ఈ ఉపాయం నడవదు, ముందు అది నేర్పాలె. మావోడు ఇప్పటికీ జర ఆలస్యంగనే చెప్తడు. కానీ నిన్న పదమూడో ఎక్కాన్ని పది, మూడు అని తనే విడగొట్టుకుంటుండు.