మాట లేని మెసేజీకి ఏం జవాబు చెప్పాలి

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఈ సామెతను నోరున్నవాడే తయారుచేసి ఉంటాడని నాకు గట్టి అనుమానం. ఊరి రచ్చబండ దగ్గర మన తాతలు పలక్కుండా నిలబడితే, 'వాళ్లూ ఒప్పుకున్నారు' అని రాసుకున్నారు. ఆ నిలబడటంలో భయం ఉందా, కోపం ఉందా, అసలు మాట్లాడే వంతే రాలేదా అని అడిగిన వాళ్లు లేరు. ఈ పాత అలవాటు ఇప్పుడు మన ఫోన్లలోకి కూడా వచ్చింది. ఈ వారం దాని గురించే.

మా కాలేజీ పిల్లల్లో చాలామంది ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్లు. వాళ్ల అమ్మానాన్నలకు టైపు చేయడం రాదు. వాళ్లకు వాట్సాప్ అంటే మైకు బొమ్మే. ఏదైనా చెప్పాలంటే దాన్ని నొక్కి పట్టుకుని మాట్లాడతారు. అందుకే నా ఫోన్‌కి వాయిస్ మెసేజీలు ఎక్కువ. అందులో వారానికి ఒకటో రెండో మాట లేనివి ఉంటాయి. ఫ్యాను చప్పుడో, గాలి హోరో, బస్సు హారనో ఉంటుంది. కొన్నిట్లో అదీ ఉండదు. ఇలాంటివి వస్తే మా స్టాఫ్ రూములో ఒకరు బొటనవేలి గుర్తు పెట్టి ఊరుకుంటారు. ఇంకొకరు ఒక ప్రశ్నార్థకం పంపుతారు. చాలామంది ఏమీ పంపరు.

ఈ మూడూ ఎందుకు పనికిరావో చెప్పడానికి ఒక చిన్న సంగతి తెలియాలి. వాయిస్ మెసేజీని మనం ప్లే చేయగానే పంపినవాళ్ల ఫోన్లో మైకు బొమ్మ నీలం రంగులోకి మారుతుంది. చదివినట్టు చూపించే నీలం టిక్కులను సెట్టింగ్స్‌లో ఆపుకున్నా సరే, విన్నట్టు చూపించే ఈ నీలం మాత్రం ఆగదు. చదువు రాని తల్లికి ఆ రంగు బాగా తెలుసు. 'సారు విన్నాడు' అని ఆమె అనుకుంటుంది. ఆమె లెక్కలో ఆమె చెప్పేసింది, మీరు వినేశారు. ఆ తర్వాత మీరు పెట్టే బొటనవేలికి 'సరే' అనే అర్థం. మీరు పలక్కపోతే 'విని కూడా పట్టించుకోలేదు' అని అర్థం. ప్రశ్నార్థకం చదవలేని మనిషికి అదొక గీత, కింద ఒక చుక్క.

ఒక సంగతి పూర్తిగా చెబుతాను. అది మిరప కోతల కాలం. మా సెకండియర్ అమ్మాయి తల్లి దగ్గర్నుంచి సాయంత్రం మూడు మెసేజీలు వచ్చాయి. మొదటిది ఒక సెకను, రెండోదీ ఒక సెకనే, మూడోది యాభై రెండు సెకన్లు. మొదటి రెండిటిలో 'టక్' మన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడోదాంట్లో మొదట్నుంచి చివరిదాకా ట్రాక్టరు మోత, మధ్యలో గుడ్డ రాసుకుంటున్న చప్పుడు, దూరంగా ఆడవాళ్ల నవ్వులు. ఆమె గొంతు మాత్రం లేదు.

ముందు తప్పు నా వైపు లేదని తేల్చుకోవాలి. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే శబ్దం పెద్ద స్పీకరు నుంచి కాకుండా కాల్ మాట్లాడే చిన్న స్పీకరులోంచి వస్తుంది. దాని సౌండు తగ్గించి ఉంటే ఖాళీ మెసేజీ అనిపిస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఎక్కడో సంచిలో కనెక్టయి ఉంటే మాట అందులోకి పోతుంది. ఇంకొకరి పాత మెసేజీ ఒకటి ప్లే చేసి చూస్తే ఇది అర సెకనులో తేలిపోతుంది. చూశాను, అది బాగానే వినపడింది.

తర్వాత ఆ ఖాళీ ఎలాంటి ఖాళీయో చూడాలి. మెసేజీ మీద కనిపించే గీతలు మొత్తం చదునుగా, చుక్కల వరసలా ఉంటే మైకులోకి ఏమీ పోలేదని. మైకు వేరే పరికరానికి మళ్లి ఉండొచ్చు, చెడిపోయి ఉండొచ్చు. వేలు గానీ కవరు గానీ మైకు రంధ్రాన్ని మూస్తే అన్నీ నీళ్లలోంచి వచ్చినట్టు మొద్దుగా వినపడతాయి. చుట్టుపక్కల చప్పుడు శుభ్రంగా ఉండి మనిషి మాట ఒక్కటే లేకపోతే మైకు బాగుందని, ఆ సమయంలో ఆమె మాట్లాడటం లేదని అర్థం.

ఇప్పుడు ఆ మూడిటినీ వరసగా పెట్టి చూడండి. మైకు బొమ్మ మీద వేలు ఉన్నంతసేపే రికార్డవుతుంది. వేలు తీయగానే వెళ్లిపోతుంది. ఫోన్ తెర వేలిని గుర్తుపట్టేది ఒత్తిడితో కాదు, చర్మంలోని విద్యుత్ గుణంతో. పొద్దంతా మిరపకాయలు తెంపి ఎండిపోయి కాయలు కాసిన బొటనవేలిని తెర ఒక క్షణం గుర్తుపట్టి మరుక్షణం వదిలేస్తుంది. ఆమె ఇంకా నొక్కి పట్టుకునే ఉంది, మాట్లాడుతూనే ఉంది. ఫోన్ మాత్రం వేలు తీసేసిందనుకుని ఒక సెకను ముక్కను పంపేసింది. రెండోసారీ అంతే. మూడోసారి ఇంకా గట్టిగా నొక్కబోతే వేలు పైకి జారింది. అలా జారితే రికార్డింగు తాళం పడుతుంది. వేలు తీసినా అది నడుస్తూనే ఉంటుంది. ఆమె ఫోన్‌ను చీర కుచ్చిళ్లలోనో సంచిలోనో పెట్టుకుని ట్రాక్టరెక్కింది. ఏదో తగిలి అది నాకు వచ్చింది. ఇది నా ఊహే. కానీ చప్పుళ్లన్నిటికీ సరిపోయే ఊహ.

ఊహ ఎంత సరిపోయినా జవాబులో దానికి చోటు లేదు. ఆమె ఏం చెప్పాలనుకుందో నాకు తెలియదు కాబట్టి, తెలిసినంత మేరకే చెప్పాలి. రాసి కాదు, గొంతుతోనే. నేను పంపింది ఇది:

"అమ్మా, కాలేజీ తెలుగు సార్‌ని. మీ దగ్గర్నుంచి మూడు మెసేజీలు వచ్చాయి. ట్రాక్టరు చప్పుడు వినపడింది గానీ మీ మాట వినపడలేదమ్మా. వీలు చూసుకుని ఒక మిస్‌డ్ కాల్ ఇవ్వండి, నేనే చేస్తాను."

ఇందులో నాలుగే ఉన్నాయి. ఎవరు మాట్లాడుతున్నారు, ఏం వచ్చింది, ఏది రాలేదు, ఇప్పుడు ఆమె చేయాల్సిన తేలికపాటి పని ఏమిటి. 'ఫోన్ సరిగ్గా పట్టుకోండి' అనలేదు. 'ఖాళీ మెసేజీ పంపారు' అని కూడా అనలేదు. ఆమె పంపింది ఖాళీ కాదు, నాకు చేరింది ఖాళీ. మళ్లీ మెసేజీ పెట్టమంటే ఆ వేలికి మళ్లీ అదే పరీక్ష. మిస్‌డ్ కాల్‌కి ఒక్కసారి తాకితే చాలు.

అరగంటకి మిస్‌డ్ కాల్ వచ్చింది. నేను చేస్తే ఆమె మొదటి మాట: "నీలం రంగు వచ్చింది గదా సారూ, ఇన్నారనుకున్నా. మరి పలకలేదేందా అని దిగులుపడతన్నా." చెప్పాలనుకున్నది ఇంతే. పరీక్ష ఫీజు ఫైను లేకుండా కట్టడానికి రేపే ఆఖరు రోజు. కూలి డబ్బులు శనివారం ఇస్తారు. రెండు రోజులు ఓపిక పట్టమని. ఫీజు మేం కట్టాం, ఆమె శనివారం తెచ్చి ఇచ్చింది. ఆ సాయంత్రం బొటనవేలి గుర్తు పెట్టి ఉంటే, రెండు రోజులు ఆగుతామని మేం ఒప్పుకున్నట్టే ఆమె నమ్మేది.

ఇక్కడిదాకా ఏమరపాటున ఖాళీగా వచ్చిన మెసేజీ. మన పనుల్లో ఉన్నవాళ్లకు ఇంకో రకం కూడా వస్తుంది. కేసు నడుస్తున్న ఊరి నుంచి, గొడవ జరిగిన ఇంటి నుంచి రాత్రిపూట ఇరవై సెకన్ల నిశ్శబ్దం వస్తుంది. చేయి జారి వచ్చిందో, మాట్లాడలేక వచ్చిందో విని చెప్పలేం. కాబట్టి రెండిటికీ సరిపోయే జవాబు కావాలి.

జాషువా 1941లో గబ్బిలం రాశాడు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి కాశీలోని శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. ఆ కబురు పూజారి లేని సమయం చూసి చెప్పమంటాడు. నేను ఈ కావ్యం పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని ఈ చోట ఆగమంటాను. కబురు పంపడం ఒక ఎత్తయితే, అది చేరేటప్పుడు పక్కన ఎవరున్నారన్నది ఇంకో ఎత్తు. మన జవాబూ అంతే. ఆ ఫోన్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో మనకు తెలియదు. వాయిస్ పంపితే పెద్ద స్పీకరులో నలుగురి మధ్య మోగొచ్చు. 'భయపడకమ్మా, వాడు మళ్లీ కొట్టాడా?' అని అడిగితే, ఆ 'వాడే' వినొచ్చు.

అందుకని ఆమె చదవగలిగితే ఒక లైను రాయండి. చదవలేకపోతే మామూలు గొంతుతో చెప్పండి: "మెసేజీ వచ్చింది, మాట వినపడలేదు. వీలున్నప్పుడు ఫోన్ చేయండి." కేసు పేరు వద్దు, మనుషుల పేర్లు వద్దు, జాలి వద్దు. ఎవరు విన్నా హాని లేని మాట అది. ఆమెకు మాత్రం అవతల మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ఇంకా మంచిది, ముందే ఒక గుర్తు అనుకోవడం. వెంట వెంటనే రెండు ఖాళీ మెసేజీలు వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, చేసి ఏమని అడగాలో ఇద్దరూ మాట్లాడుకుని పెట్టుకోవాలి. అలా అనుకోనప్పుడు వెంటనే ఫోన్ చేస్తే ఆమె దాచిన ఫోన్ మోగవచ్చు.

చప్పుళ్లలో అరుపులు, కొట్టిన శబ్దం వినపడితే అది ఇక మాట లేని మెసేజీ కాదు. 112కి ఫోన్ చేసి ఊరు, ఇల్లు చెప్పాలి. కులం పేరుతో జరిగిన దాడి అయితే ఆ తర్వాతి సహాయానికి 14566 ఉంది. ఆ మెసేజీని మీ సొంత నంబరుకే ఫార్వర్డ్ చేసి ఉంచండి. అవతలి ఫోన్ లాక్కున్నవాడు అసలుదాన్ని అందరికీ డిలీట్ చేసినా మీ దగ్గరి కాపీ పోదు. గ్రూపుల్లో మాత్రం పెట్టొద్దు.

దీనికి పూర్తిగా ఎదురు సంగతి ఒకటి ఉంది. చేయి జారి రికార్డయిన మెసేజీలో ఒక్కోసారి ఆ ఇంటి సొంత మాటలు ఉంటాయి. అవి మనకోసం కాదు. అర్థమైన చోటే ఆపేసి, "మీ ఫోన్ దానంతటదే రికార్డు చేసి పంపినట్టుంది, డిలీట్ చేసుకోండి" అంటే చాలు. డిలీట్ చేయడానికి వాళ్లకు సుమారు రెండు రోజుల గడువు ఉంటుంది. ఎంతవరకు విన్నారని అడిగితే నిజం చెప్పండి.

మన సాహిత్యంలో మౌనానికి అర్థాలు చెప్పినవాళ్లు చాలామంది. నేనూ ఆ పనికే జీతం తీసుకుంటున్నాను. క్లాసులో అది చెల్లుతుంది. ఫోన్ అవతల మనిషి ఉన్నప్పుడు మౌనానికి అర్థం చెప్పే హక్కు ఆ మనిషిదే. మనం చెప్పగలిగింది ఒక్కటే: నీ కబురు వచ్చింది, నీ మాట ఇంకా చేరలేదు, నేను ఇక్కడే ఉన్నాను.