పర్ణశాల పెద్దమ్మకు ఓ ఉత్తరం

పెద్దమ్మకు, పెదనాన్నకు నమస్కారాలు.

క్షేమంగా హైదరాబాద్ చేరాను. ఫోన్లో 'థ్యాంక్స్' అంటే పెద్దమ్మ నవ్వేసింది. నిజమే, మన ఇళ్లల్లో ఆ మాట ఎవరంటారు? అందుకే ఈ ఉత్తరం. బుజ్జిది చదివి వినిపిస్తుంది.

భద్రాచలం నుంచి దాదాపు 35 కిలోమీటర్లు ప్రయాణం చేసి పర్ణశాల వచ్చేవాళ్లు ఓ గంట ఉంటారేమో. గుడి, సీతమ్మ చీర ఆరేసిందని చెప్పే రాళ్లు, గోదావరి ఒడ్డున ఫొటో, అంతే. మీ ఇంట్లో మూడ్రోజులు ఉండబట్టి నాకు ఇప్పచెట్టు తెలిసింది.

ఇప్పపువ్వు కోసేది కాదు, ఏరేది. తెల్లవారుజామున దానంతటదే రాలుతుంది. ఎండెక్కేలోగా ఏరకపోతే పశువులు తినేస్తాయి. కొన్నిచోట్ల పువ్వు బాగా కనబడాలని చెట్టు కింద ఎండుటాకులు కాల్చేస్తారట. మీరు మాత్రం మంట అడవికి అంటుకుంటుందని చీపురుతో ఊడ్చారు. ఎలుగుబంటికి కూడా ఈ పువ్వంటే ఇష్టమని, చీకట్లో ఒంటరిగా ముందుకెళ్లొద్దని పెదనాన్న నన్ను వెనకే నడిపించారు.

బుట్ట నిండిందని నేను సంబరపడితే పెద్దమ్మ, "ఎండాక చూడు" అంది. నాలుగు రోజులు ఎండలో పోస్తే నీరంతా పోయి, పాలరంగు పువ్వు ఎర్రగా కిస్మిస్‌లా ముడుచుకుంటుంది. తూకం సగం కంటే తగ్గిపోతుంది. అమ్మేది ఆ ఎండిన తూకానికే.

రెండో సాయంత్రం మబ్బు పట్టినప్పుడు అసలు సంగతి అర్థమైంది. నా కోసం పొయ్యి మీద పెట్టిన కూర వదిలేసి మీరిద్దరూ వాకిట్లోకి పరుగెత్తారు. తడిస్తే పువ్వు నల్లబడుతుంది, పులిసిన వాసన వస్తుంది. ఇక ఎవరూ మంచి ధర ఇవ్వరు. సగం పువ్వు ఎత్తేలోపే చినుకులు పడ్డాయి. అంత నష్టం జరిగినా, "అన్నం చల్లారిపోతుంది, ముందు తిను" అన్నారు.

ఏడాదికి కొద్ది వారాలే పువ్వు రాలుతుంది. అందులో మూడు ఉదయాలు నాకు చూపించడానికి, నేర్పడానికి సగం వేగంతో ఏరారు. మీరు నాకు పెట్టింది అన్నం ఒక్కటే కాదు.

వచ్చేటప్పుడు డబ్బులివ్వబోతే పెదనాన్న నా చెయ్యి పక్కకు తోసేశారు. ఇంటికొచ్చిన బిడ్డ దగ్గర తీసుకోమన్నారు. సరే, బిడ్డగానే ఓ టార్పాలిన్ పట్టా పంపిస్తున్నా. వాకిలి కొలత బుజ్జిదాన్ని అడిగే కొన్నాను. పగలు దాని మీద పువ్వు ఆరబోస్తే మట్టి అంటదు. మబ్బు పడితే నాలుగు మూలలూ పట్టుకుని ఒక్కసారే లోపలికి లాగేయొచ్చు. దీన్ని తిప్పి పంపొద్దు.

పక్కింటి అవ్వకు నా దండాలు చెప్పండి. బుజ్జిదాని పరీక్షలు ఎలా రాసిందో ఫోన్ చేయమనండి. ఇప్పకాయ పండాక పలుకుల నూనె తీస్తామన్నారుగా, అప్పటికి వచ్చేస్తా. ఈసారి ఏరడంలో నా వేగం చూద్దురుగాని.

ఉంటాను.
మీ బిడ్డ